పాస్‌వర్డ్ మేనేజర్ భద్రతా నివేదిక: ఏ ఖాతాను ముందు సరిచేయాలి?

పాస్‌వర్డ్ మేనేజర్‌లో భద్రతా తనిఖీ నడిపితే తెరపై ముఖ్యంగా మూడు అంకెలు కనిపిస్తాయి. ఒకే పాస్‌వర్డ్‌ను పలుచోట్ల వాడిన ఖాతాలు ఎన్ని, బలహీనమైన పాస్‌వర్డ్‌లు ఎన్ని, లీకైనవి ఎన్ని అన్నవే ఆ మూడు. ఈమధ్య దగ్గరి బంధువు ఒకరు అటువంటి తెరను స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి, దేనితో మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. ఆయన దాచుకున్న 118 లాగిన్లలో 47 పునర్వినియోగం కింద, 19 బలహీనం కింద, 6 లీక్ కింద ఉన్నాయి. ఎర్రగా కనిపిస్తున్న ఆరింటిని ముందు మార్చి, ఆ తరువాత చిట్టాను అక్షరక్రమంలో పైనుంచి కిందికి మార్చుకుంటూ పోవాలని ఆయన ఆలోచన.

చాలామంది చేసేది ఇదే, కానీ ఈ వరుస సరైనది కాదు. నివేదిక పాస్‌వర్డ్‌లో ఉన్న లోపాన్ని మాత్రమే చూస్తుంది. ఆ ఖాతా పోతే మీకు ఏం నష్టమో, ఆ ఖాతా చేజిక్కితే దాని ద్వారా ఇంకా ఏయే ఖాతాలు తెరుచుకుంటాయో దానికి తెలియదు. అందువల్ల నివేదికలోని మూడు చిట్టాలను యథాతథంగా తీసుకోకుండా, మీరే మరొక వరుసలో పేర్చుకోవాలి. ఎలా పేర్చుకోవాలో ఆ స్క్రీన్‌షాట్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు స్క్రీన్‌షాట్ సంగతి

నివేదికలో పాస్‌వర్డ్‌లు కనిపించవు కాబట్టి దాని బొమ్మను ఎవరికైనా పంపవచ్చునని అనుకోవడం సహజం. కానీ ఏయే సైట్లలో మీకు ఖాతాలున్నాయో, వాటిలో ఏవేవి ఒకే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయో ఆ బొమ్మలో ఉంటుంది. మీ పాత పాస్‌వర్డ్ ఒకటి ఇప్పటికే ఎవరి చేతిలోనైనా ఉంటే, దాన్ని ఎక్కడెక్కడ ప్రయత్నించాలో ఈ బొమ్మ చెప్పేస్తుంది. పైగా ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ చాలాసార్లు తనంతట తానే క్లౌడ్‌లోని ఫొటోల ఖాతాకు చేరుతుంది, ఆ ఖాతా కూడా లీకైన పాస్‌వర్డ్‌తోనే ఉండవచ్చు.

కాబట్టి ఎవరి సలహా అయినా కావాలంటే అంకెలున్న పై భాగాన్ని మాత్రమే కత్తిరించి పంపండి. మొత్తం బొమ్మ ఇప్పటికే పంపి ఉంటే సంభాషణలో ఇద్దరి వైపు నుంచీ తొలగించండి, గ్యాలరీలోనూ, తొలగించిన ఫొటోలు కొంతకాలం నిలిచి ఉండే ఫోల్డర్‌లోనూ తీసివేయండి. మీ పని కోసం చిట్టా కావాలంటే సైట్ల పేర్లను ఒక కాగితంపై రాసుకోండి, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయవద్దు. ఈ కాగితం తరువాత చాలా అవసరమవుతుంది, ఎందుకో ముందుకు వెళ్ళాక చెబుతాను.

మొదటి అడుగు: "లీకైంది" అంటే ఇక్కడ ఏమిటో తెలుసుకోండి

మూడు మాటల్లో ఎక్కువ గందరగోళం కలిగించేది ఇదే, ఎందుకంటే ఒకే హెచ్చరిక వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు.

కొన్ని మేనేజర్లు మీ పాస్‌వర్డ్ ప్రపంచంలో ఎక్కడైనా బయటపడిన పాస్‌వర్డ్‌ల పట్టికలో ఉందా అని మాత్రమే చూస్తాయి. 2013లో ట్రాయ్ హంట్ అనే భద్రతా నిపుణుడు ప్రారంభించిన హావ్ ఐ బీన్ పోన్డ్ అనే సేవలో అటువంటి పట్టిక ఉంది. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ దానినే ఉపయోగిస్తాయి. ఈ తనిఖీ కోసం మీ పాస్‌వర్డ్‌ను బయటికి పంపరు. పాస్‌వర్డ్ నుంచి హ్యాష్ అనే, వెనక్కి తిప్పలేని 40 అక్షరాల సంకేతం ఒకటి లెక్కగట్టి, అందులో మొదటి అయిదు అక్షరాలను మాత్రమే పంపి, వాటితో మొదలయ్యే హ్యాష్‌లన్నింటినీ తెప్పించుకుని, మీది వాటిలో ఉందో లేదో మీ పరికరంలోనే పోల్చి చూస్తారు. ఈ రకం హెచ్చరిక వచ్చిందంటే ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరనుంచే పోయిందని అర్థం కాదు, దాన్నే పెట్టుకున్న మరొకరి దగ్గరనుంచి బయటపడి ఉండవచ్చు. అయినా ఊహించేవారు ముందుగా ప్రయత్నించే పట్టికలో అది చేరిపోయింది కాబట్టి ఇక ఎప్పటికీ పనికిరాదు.

రెండో రకం తనిఖీ మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ జంటగా బయటపడ్డాయా అని చూస్తుంది. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తనిఖీ ఈ రకానిది. మూడింటిలో ఎక్కువ తొందర పడవలసినది ఇదే, ఎందుకంటే ఆ జంటను ఉన్నదున్నట్టుగా వందల సైట్లలో ప్రయత్నించే ప్రోగ్రాములు నిరంతరం నడుస్తూనే ఉంటాయి. మూడో రకం కేవలం సైట్‌కు సంబంధించిన హెచ్చరిక. ఫలానా సైట్‌లో ఫలానా సమయంలో డేటా లీక్ జరిగింది, మీరు ఆ తరువాత పాస్‌వర్డ్ మార్చలేదు అని మాత్రమే అది చెబుతుంది. మీ పాస్‌వర్డ్ నిజంగా చదవగలిగే రూపంలో ఎవరికైనా దక్కిందో లేదో దానికి తెలియదు.

హెచ్చరికపై నొక్కి వివరం చదివితే మీది ఈ మూడింటిలో ఏదో సాధారణంగా తెలుస్తుంది. దీనికింత చోటు ఇవ్వడానికి కారణముంది. మా బంధువు మేనేజర్ రెండో, మూడో రకాల హెచ్చరికలు ఇచ్చేది. అందువల్ల లీకైన పాస్‌వర్డ్‌నే వాడుతున్న ఇతర ఖాతాలు లీక్ చిట్టాలో కనిపించలేదు. అక్కడ ఆరు అన్న అంకె చూసి ఆరు ఖాతాలకే ప్రమాదమని ఆయన అనుకున్నారు, నిజానికి అప్పటికి ప్రమాదంలో ఉన్నవి దాదాపు ముప్పై.

రెండో అడుగు: ఖాతాలను కాదు, పాస్‌వర్డ్‌లను లెక్కించండి

పునర్వినియోగం చిట్టాను తెరిచి, ఒకే పాస్‌వర్డ్‌ను పంచుకుంటున్న ఖాతాలను గుంపులుగా కాగితంపై రాయండి. కొన్ని మేనేజర్లు ఈ గుంపులను తామే చూపిస్తాయి, కొన్ని ప్రతి ఖాతా పక్కన ఎన్నిసార్లు వాడారో అంకె చూపిస్తాయి. ఆ అంకె ఒకటే ఉన్న ఖాతాలను తెరిచి పోల్చుకుంటే గుంపులు తేలిపోతాయి.

ఉదాహరణలోని 47 ఖాతాలు నిజానికి ఎనిమిది పాస్‌వర్డ్‌లే. మొదటి గుంపులో 21 ఖాతాలున్నాయి. ఆయన ప్రధాన ఇమెయిల్, ఫోన్ కంపెనీ ఖాతా, కార్డు వివరాలు దాచిన ఆన్‌లైన్ దుకాణం, ఉద్యోగాల సైట్, ఫొటోలు ముద్రించి పంపే సైట్ అన్నీ అందులోవే. వీటిలో చివరి మూడూ లీక్ చిట్టాలో ఉన్నాయి. రెండో గుంపులో 9 ఖాతాలు, వాటిలో ఒక ఆటల సైట్, ఒక పాత చర్చావేదిక లీకైనవి, మరొకటి సోషల్ మీడియా ఖాతా, మిగిలినవి ఒకటి రెండుసార్లు తెరిచి వదిలేసినవి. మూడో గుంపులో డబ్బుకు సంబంధించిన 5 ఖాతాలు, వాటిలో ఏదీ లీక్ కాలేదు. నాలుగో గుంపులో 4, మిగిలిన నాలుగు గుంపులలో రెండేసి చొప్పున 8.

నాలుగో గుంపును పరిశీలిస్తే అది అసలు పునర్వినియోగమే కాదని తేలింది. ఒకే సంస్థకు చెందిన వెబ్‌సైట్, మొబైల్ యాప్, మరో రెండు వెబ్ చిరునామాలకు ఒకే ఖాతా పనిచేస్తుంది. మేనేజర్ మాత్రం వాటిని నాలుగు వేర్వేరు లాగిన్లుగా దాచుకుంది. ఇటువంటివి దాదాపు ప్రతి నివేదికలోనూ ఉంటాయి. ఆ నాలుగింటినీ ఒకే పద్దుగా కలిపి, అందులోనే నాలుగు చిరునామాలనూ చేర్చితే నివేదికలో అవి ఇక కనిపించవు.

ఇందుకు వ్యతిరేకంగా, నిజంగా పునర్వినియోగమే అయినా నివేదిక పట్టుకోలేనివి కూడా ఉంటాయి. మేనేజర్ అక్షరం అక్షరం సరిపోలిన పాస్‌వర్డ్‌లనే ఒకటిగా లెక్కిస్తుంది. ఒకే మాటకు చివర సంవత్సరమో, సైట్ పేరులోని మొదటి అక్షరాలో చేర్చి మార్చుకునే అలవాటు మీకుంటే, వాటిని అది వేర్వేరు పాస్‌వర్డ్‌లుగానే చూస్తుంది. ఒక్కటి దొరికిన మనిషికి మాత్రం మిగిలినవి ఊహించడం పెద్ద పని కాదు. మేనేజర్‌లోని వెతుకులాట సాధారణంగా పాస్‌వర్డ్‌ల లోపల వెతకదు కాబట్టి, ఈ అలవాటు ఉన్నవారు పాత ఖాతాలను ఒక్కొక్కటిగా తెరిచి చూసి, అటువంటివాటిని కూడా అదే గుంపులో చేర్చుకోక తప్పదు.

మూడో అడుగు: ఇతర ఖాతాలను తెరిచే ఖాతాలను వేరుచేయండి

గుంపులు సిద్ధమయ్యాక ప్రతి ఖాతా గురించి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది పరుల చేతికి వెళితే దీని ద్వారా మరే ఖాతాలు తెరుచుకుంటాయి? జవాబులో ఎన్ని ఖాతాలు వస్తే వరుసలో అది అంత ముందుండాలి. అది ఏ చిట్టాలో ఉన్నదీ ఆ తరువాతి సంగతి.

అన్నింటికన్నా ముందున్నది నివేదికలో కనిపించనే కనిపించదు. అదే మేనేజర్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్. చాలా మేనేజర్లలో అది మిగిలిన లాగిన్ల మధ్య దాచి ఉండదు కాబట్టి తనిఖీ దాన్ని చూడదు. మొదటి గుంపు పాస్‌వర్డ్‌కే చివర ఒక గుర్తు చేర్చి మాస్టర్ పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నానని మా బంధువు అడిగితేనే చెప్పారు. మీదీ అటువంటిదే అయితే ముందు దాన్ని మార్చండి. ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగైదు మాటలను, పాచికలు వేసినట్టుగా యాదృచ్ఛికంగా ఎంచుకుని వరుసగా పెడితే చాలు. అది గుర్తుంటుంది, ఊహకు అందదు. మార్చిన వెంటనే కాగితంపై రాసి, ఇంట్లో ముఖ్యమైన పత్రాలుండే చోట భద్రపరచండి. మరచిపోయిన మాస్టర్ పాస్‌వర్డ్‌ను తిరిగి ఇవ్వగలిగే వీలు చాలా మేనేజర్ సంస్థలకు ఉండదు.

తరువాతది ప్రధాన ఇమెయిల్. "పాస్‌వర్డ్ మరచిపోయారా" అని ఏ సైట్‌లో నొక్కినా లింకు చేరేది అక్కడికే కాబట్టి, ఇమెయిల్ ఒక్కటి పోతే దానికి ముడిపడిన అన్నీ పోయినట్టే. ఆ ఇమెయిల్‌ను తిరిగి పొందడానికి మీరిచ్చిన రెండో ఇమెయిల్ చిరునామా, ఓటీపీలు వచ్చే ఫోన్ నంబర్‌ను నడిపే ఫోన్ కంపెనీ ఖాతా దాని వెంటనే రావాలి.

ఈ ఉదాహరణలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఆ రెండో ఇమెయిల్. అది ఎక్కడా లీక్ కాలేదు, మరెక్కడా వాడలేదు, బలహీనం అన్న చిట్టాలో పదకొండో వరుసలో పసుపు రంగులో ఉంది. ఎన్నో ఏళ్ళ క్రితం తెరిచి, ఎనిమిది అక్షరాల ఒక పేరు పాస్‌వర్డ్‌గా పెట్టి మరచిపోయిన ఖాతా అది. ప్రధాన ఇమెయిల్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా, ఆ పాత ఖాతాలోకి ప్రవేశించినవారు అక్కడికి రికవరీ కోడ్ తెప్పించుకుని ప్రధాన ఇమెయిల్‌ను తమది చేసుకోవచ్చు. నివేదిక ప్రకారం అది చివర్లో మార్చవలసినది, నిజానికి మూడో స్థానంలో మార్చవలసినది.

నాలుగో అడుగు: వరుస నిర్ణయించండి

ఇలా ఇతర ఖాతాలను తెరిచే మూలఖాతాలు తేలిన తరువాత, ఒక లీకైన ఖాతా ఉన్న గుంపు ముందు వస్తుంది. లీక్, పునర్వినియోగం కలిసిన చోట ఎవరూ దేన్నీ ఊహించనవసరం లేదు, చేతిలో ఉన్నదాన్ని తెచ్చి పెట్టి చూడడమే. డ్రాప్‌బాక్స్ సంస్థకే 2012లో ఇది అనుభవమైంది. ఇతర సైట్లలో దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో కొందరి డ్రాప్‌బాక్స్ ఖాతాలు తెరిచారని, దొంగిలించిన ఒక పాస్‌వర్డ్‌తోనే ఒక ఉద్యోగి ఖాతాలోకి ప్రవేశించి వినియోగదారుల ఇమెయిల్ చిరునామాలున్న ఫైలును చేజిక్కించుకున్నారని ఆ సంస్థే ప్రకటించింది. లీక్ పాతది కదా అని నిర్లక్ష్యం చేయడానికీ వీలులేదు. లింక్డ్‌ఇన్ నుంచి 2012లో దొంగిలించిన వివరాలలో 10 కోట్లకు పైగా ఖాతాలవి 2016లో అమ్మకానికి వచ్చాయి, మధ్యలో నాలుగేళ్ళు గడిచాయి.

బలహీనమైన పాస్‌వర్డ్‌ల సంగతి వేరు. ఈ చిట్టాను మేనేజర్ ఏ లీక్‌నూ చూడకుండా, పాస్‌వర్డ్ అమరికను మాత్రమే చూసి తయారుచేస్తుంది. పెద్దక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉన్నా `P@ssw0rd1!` బలహీనమే, ఎందుకంటే తెలిసిన మాటలో తెలిసిన మార్పులు తప్ప అందులో మరేమీ లేవు. అయితే ఒక సైట్ లాగిన్ పేజీలో కూర్చుని లక్షలసార్లు ఊహించడం సాధ్యపడదు, చాలా సైట్లు కొన్ని తప్పు ప్రయత్నాల తరువాత ఆపివేస్తాయి. రేపు ఆ సైట్ డేటా లీకై, పాస్‌వర్డ్‌లకు బదులు అది దాచుకున్న హ్యాష్‌లు ఎవరి కంప్యూటర్‌లోకైనా చేరితే అప్పుడు ఎన్నిసార్లు ఊహించినా అడ్డు ఉండదు, బలహీనమైనవి ముందుగా బయటపడతాయి. అందుకే వేరెక్కడా వాడని, లీక్ కాని బలహీన పాస్‌వర్డ్ మూలఖాతాది కానంతవరకు కొంతకాలం ఆగవచ్చునని నా అభిప్రాయం.

ఈ లెక్కన ఉదాహరణలోని పని ఇలా సాగింది. మొదటి సాయంత్రం మాస్టర్ పాస్‌వర్డ్, ప్రధాన ఇమెయిల్, రికవరీ ఇమెయిల్, ఫోన్ కంపెనీ ఖాతా, కార్డు దాచిన ఆన్‌లైన్ దుకాణం, ఈ అయిదు మాత్రమే. ఒకే పూటలో ఇంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే పొరపాట్లు జరుగుతాయి, ఈ అయిదింటిలో పొరపాటు జరిగితే ఖాతా మీకే తెరుచుకోకుండా పోవచ్చు. రెండో సాయంత్రం మొదటి గుంపులో పోతే నష్టం కలిగే మరో ఆరు ఖాతాలు, రెండో గుంపులోని సోషల్ మీడియా ఖాతా, ఆ తరువాత మూడో గుంపులోని అయిదు డబ్బు ఖాతాలు. డబ్బు ఖాతాలు ఇంత వెనుక ఎందుకని ఆయన అడిగారు. ఆ అయిదింటి పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడా బయటపడలేదు, అయిదింటికీ పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ ఉంది. అది లేకపోయి ఉంటే వాటిని మొదటి సాయంత్రమే పెట్టేవాణ్ణి.

మూడో సాయంత్రం మొదటి గుంపులో మిగిలినవి, ఆ తరువాత జంట గుంపులు. లీక్ కాని జంటలో ఒకదాన్ని మారిస్తే చాలు, రెండోది దానంతట అదే ఒంటరిదవుతుంది. కాబట్టి ఎనిమిది ఖాతాలకు నాలుగు మార్పులతో సరిపోయింది. రెండో గుంపులో వదిలేసిన ఖాతాలను మార్చడంకన్నా మూసివేయడమే మేలు. లీకైన ఆటల సైట్, చర్చావేదిక ఖాతాలను అలాగే మూసివేసి, మేనేజర్‌లోని పద్దులనూ తీసివేశారు.

అయిదో అడుగు: ఒక్కొక్క ఖాతా మార్చే పద్ధతి

ముందుగా పరికరం గురించి ఒక జాగ్రత్త. లీక్ చిట్టాలోని ఆరో ఖాతా ఫైళ్ళు దాచుకునే ఒక క్లౌడ్ సేవ. దాని పాస్‌వర్డ్ మేనేజరే తయారుచేసిన 18 యాదృచ్ఛిక అక్షరాలు, మరెక్కడా వాడలేదు. అటువంటిది ఊహించి పట్టుకోగలిగేది కాదు కాబట్టి సాధారణంగా రెండే కారణాలుంటాయి: సైట్ నుంచే బయటపడి ఉండాలి, లేదా మీ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్‌వేర్ చేరి ఉండాలి. హెచ్చరిక వివరం చదివితే ఇది సైట్‌లో జరిగిన లీక్ గురించి అని తెలిసింది, పైగా అటువంటిది ఒక్కటే ఉంది, కాబట్టి ఆ పాస్‌వర్డ్ మార్చడంతో సరిపోయింది. కానీ మీ నివేదికలో ఒకదానితో ఒకటి సంబంధంలేని సైట్ల యాదృచ్ఛిక పాస్‌వర్డ్‌లు మూడు నాలుగు ఒకేసారి లీక్ కింద కనిపిస్తే, ఆ కంప్యూటర్‌లో ఏ పాస్‌వర్డ్‌నూ మార్చవద్దు. మార్చినవీ అదే దారిన పోతాయి. శుభ్రమైన మరో పరికరం నుంచి పైన చెప్పిన వరుసలోనే మార్చి, ఆ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించుకోండి.

పరికరం మీద అనుమానం లేనప్పుడు సైట్ చిరునామాను మీరే టైపు చేసి గానీ, మేనేజర్‌లోని పద్దు నుంచి గానీ తెరవండి. పాస్‌వర్డ్ మార్చమంటూ వచ్చిన ఇమెయిల్‌లోని లింకును ఈ రోజుల్లో అసలు ముట్టవద్దు. మేనేజర్‌తో 16 నుంచి 20 అక్షరాల కొత్త పాస్‌వర్డ్ తయారుచేయించి, ముందు మేనేజర్‌లో దాచి, ఆ తరువాతే సైట్‌లో పెట్టండి. మార్చాక ఉన్న విండోలో లాగౌట్ కాకుండానే, బ్రౌజర్‌లో మరో ప్రైవేట్ విండో తెరిచి కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూడండి. కొన్ని సైట్లు పొడవైన పాస్‌వర్డ్‌ను చెప్పకుండానే మధ్యలో కత్తిరించి దాచుకుంటాయి, లాగిన్ పేజీలో మాత్రం పూర్తిది అడిగి తప్పంటాయి. పాత విండో తెరిచే ఉంటే అక్కడినుంచే కాస్త చిన్నదిగా మార్చుకోవచ్చు.

ఇమెయిల్ ఖాతాకు మాత్రం ఇంతటితో పని అయిపోదు. అప్పటికే ఎవరైనా లోపలికి వచ్చి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన వారు బయటికి పోకపోవచ్చు. కాబట్టి సెట్టింగ్స్‌లో లాగిన్ అయి ఉన్న పరికరాల చిట్టా తెరిచి, మీవి కానివాటిని బయటికి పంపండి. అనుమానం ఉంటే అన్నింటినీ పంపి మీరే మళ్ళీ లాగిన్ కండి. వచ్చిన ఉత్తరాలను మరో చిరునామాకు పంపే ఫార్వర్డింగ్, కొన్ని ఉత్తరాలను కనబడకుండా పక్కకు తప్పించే ఫిల్టర్లు మీరు పెట్టినవేనా చూడండి. రికవరీ ఇమెయిల్, ఫోన్ నంబర్ మీవేనా, ఖాతాను వాడుకునే అనుమతి ఏయే యాప్‌లకు ఉంది, పాత మెయిల్ ప్రోగ్రాముల కోసం ఇచ్చిన యాప్ పాస్‌వర్డ్‌లు ఏవైనా మిగిలాయా అన్నవి కూడా చూసి, అక్కరలేనివి తీసివేయండి. ఇవన్నీ అయిన తరువాత రెండంచెల ధ్రువీకరణను ఆన్ చేసి, అది ఇచ్చే రికవరీ కోడ్‌లను మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం పక్కనే దాచండి.

ఆరో అడుగు: అంకె తగ్గుతుంటే జాగ్రత్తగా చూడండి

కాగితంపై గుంపులు రాసుకోమని చెప్పింది ఇక్కడ పనికి వస్తుంది. మొదటి గుంపులోని 21 ఖాతాలలో 20 మార్చిన క్షణంలో ఇరవై ఒకటోది పునర్వినియోగం చిట్టాలోంచి మాయమవుతుంది, ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు ఒక్కచోటే ఉంది. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో లీకైందన్న సంగతి మాత్రం మారలేదు. మీ మేనేజర్ జంటలనో సైట్లనో మాత్రమే చూసే రకమైతే, ఆ సైట్ లీక్ చిట్టాలోనూ ఉండదు. అంటే లీకైన తాళంచెవితో తెరుచుకునే ఖాతా ఒకటి మీ దగ్గర ఉంటుంది, నివేదికలో మాత్రం మూడు చోట్లా శుభ్రంగా కనిపిస్తుంది. మా బంధువు విషయంలో ఆ చివరి ఖాతా ఆయన పత్రాల స్కాన్ కాపీలు దాచుకున్న ఒక సేవ; కాగితంపై ఆ గుంపులో కొట్టివేయకుండా మిగిలిన ఒకే పేరు అదే కాబట్టి దొరికింది. అందువల్ల లీకైన గుంపులో పని ముగిసిందో లేదో నివేదికలోని అంకెను చూసి కాక, కాగితంపై అన్ని పేర్లూ కొట్టివేశారా అన్నది చూసి నిర్ణయించండి.

అంకె సున్నా కాలేదని కంగారు పడవలసిన అవసరమూ లేదు. తాళం తీసే నాలుగంకెల పిన్, వాయిస్ మెయిల్ పిన్ వంటివి మేనేజర్‌లో దాచుకుంటే అవి ఎప్పటికీ బలహీనం కిందే ఉంటాయి, వాటిని పొడిగించే వీలు ఆ యంత్రాలలో ఉండదు. మీ మేనేజర్‌లో హెచ్చరికను పట్టించుకోవద్దని చెప్పే వీలుంటే వాటికి ఆ గుర్తు పెట్టండి, లేదా లాగిన్ పద్దుగా కాక నోట్‌గా దాచండి.

పని పూర్తయిన వారం తరువాత ఆయన తనిఖీని మళ్ళీ నడిపారు. లీక్ కింద ఏమీ లేవు. పునర్వినియోగం కింద 6 మిగిలాయి, అన్నీ రెండో గుంపులో వదిలేసిన ఖాతాలే. బలహీనం కింద 11, వాటిలో ఆ ఆరు, మరో అయిదు నాలుగంకెల పిన్‌లు. ఆ ఆరు సైట్లలో ఎప్పుడైనా అడుగుపెట్టవలసి వస్తే అప్పుడే మార్చడమో మూసివేయడమో చేస్తానన్నారు, నేను సరేనన్నాను. ఈసారి ఆయన పంపిన స్క్రీన్‌షాట్‌లో సైట్ల పేర్లు లేవు, పైనున్న మూడు అంకెలు మాత్రమే ఉన్నాయి.